ఇద్దరు మౌనికలు

"సార్, లిస్టులో నా పేరుంది. కానీ అది నేను కాదు."

2014 జూలైలో ఒక మధ్యాహ్నం ఫోన్లో ఒకమ్మాయి అన్న మాట ఇది. మొదట నాకు అర్థం కాలేదు. పేరుంటే ఉన్నట్టే కదమ్మా అన్నాను. "కె. మౌనిక అనే ఉంది సార్. కానీ పక్కన వేరే ఊరి స్కూలు పేరుంది. ఆ స్కూల్లో నేను చదవలేదు" అంది.

అప్పట్లో నేను శనాదివారాలు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకి లెక్కల పని చేసిపెట్టేవాణ్ణి. ప్రభుత్వ బడుల్లో పదో తరగతి పాసైన పిల్లలకి ఇంటర్ చదువుకి వాళ్ళు ఏటా కొంత డబ్బిస్తారు. బళ్ళనుంచి ఎక్సెల్ షీట్లు వస్తాయి. ఒకే పిల్లవాడి పేరు హెడ్మాస్టరు ఒకసారి, ఊళ్ళోని వాలంటీరు ఒకసారి పంపుతారు. ఆ రెండోసారి వచ్చినవాటిని ఏరిపారేయడానికి నేనొక నియమం రాశాను: పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం, పుట్టిన తేదీ, ఈ మూడూ కలిస్తే ఇద్దరూ ఒకరే. తండ్రి పేరుని కావాలనే వదిలేశాను. దాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. వెంకటేశ్వర్లు ఒక షీట్లో వెంకటేశ్వరరావు అవుతాడు, ఇంకో షీట్లో ఉత్త వెంకన్న అవుతాడు.

ఆ నియమం మీద నాకు ఎంత నమ్మకమంటే, తీసేసిన పేర్లని ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. ఒకే పేరున్న ఇద్దరమ్మాయిలు ఒకే ఏడాది, ఒకే తేదీన పుట్టడం ఎక్కడో లక్షకొకటి జరిగే విషయం అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక షీటు తెరిచి చూస్తే ఇద్దరు మౌనికలు నిజంగానే ఉన్నారు. బళ్ళు వేరు, తండ్రుల పేర్లు వేరు, పుట్టిన తేదీ మాత్రం ఒక్కటే. నా స్క్రిప్టు ఒక మౌనికని ఉంచి ఇంకో మౌనికని చెరిపేసింది.

సిగ్గుగా అనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పకపోవడం కాదు. తొమ్మిదో తరగతిలోనే మా లెక్కల మాస్టారు చెప్పారు.

*

మాది జిల్లా పరిషత్ హైస్కూలు. తొమ్మిదో తరగతిలో మేం 46 మందిమి. ఒకరోజు మాస్టారు వచ్చీరాగానే, "ఈ క్లాసులో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే. ఏడాది సంగతి వదిలేయండి, నెలా తేదీ కలిస్తే చాలు. పందెం కాస్తారా?" అన్నారు. పందెం అంటే క్లాసు మొత్తానికి బెల్లం జీళ్ళు.

ఆయన ఒక షరతు పెట్టారు. రిజిస్టర్లో ఉన్న తేదీ చెప్పకూడదు, ఇంట్లో తెలిసిన అసలు తేదీ చెప్పాలి. "రిజిస్టర్ తేదీలతో పందెం కాస్తే అది మోసం" అన్నారు. ఎందుకు మోసమో ఆ రోజు మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. అసలు తేదీ తెలియనివాళ్ళు ఆరుగురు తేలారు. అందులో నేనొకణ్ణి. మా అమ్మకి నేను అట్లతద్ది వెళ్ళిన మర్నాడు పుట్టానని గుర్తుంది, ఇంగ్లీషు తేదీ గుర్తులేదు. మా ఆరుగుర్నీ పక్కన కూర్చోబెట్టి నా చేతికి సుద్దముక్క ఇచ్చారు, ఒక్కొక్కరూ చెప్పే తేదీని బోర్డు మీద రాయమని. మిగిలింది 40 మంది. కవలలు ఎవరూ లేరని కూడా ముందే చూసుకున్నారు.

మా క్లాసు ఫస్టు వచ్చే అబ్బాయి వెంటనే లెక్క కట్టేశాడు. "365 రోజులు, 40 మందిమి. 365లో 40 అంటే పదకొండు శాతం. మీరు ఓడిపోతారు మాస్టారూ." మాకందరికీ అది న్యాయంగానే కనిపించింది. ఇప్పటికీ ఎవర్ని అడిగినా దాదాపు ఇదే జవాబు చెప్తారు.

మాస్టారు నవ్వి, "నువ్వు చెప్పింది వేరే ప్రశ్నకి జవాబురా" అన్నారు. "నా పుట్టినరోజుతో కలిసేవాళ్ళు మీ 40 మందిలో ఎవరైనా ఉన్నారా అంటే, ఆ అవకాశం పది శాతం చిల్లర. నేను అడిగింది నా గురించి కాదు. మీలో ఏ ఇద్దరైనా సరే అన్నాను."

తేడా అంతా అక్కడే ఉంది. పుట్టినరోజు అనగానే మనకి మొదట మనదే గుర్తొస్తుంది. నాతో ఎవరు కలుస్తారు అని చూసుకుంటాం. అలా చూస్తే ఒక్కో పిల్లవాడికి 39 పోలికలే ఉంటాయి. కానీ ఆ గదిలో ప్రతివాడూ ప్రతివాడితో పోల్చదగినవాడే. 40 మందిలో ఎన్ని జతలు వస్తాయి? ఒక్కొక్కడికీ 39 మంది, అలాంటివాళ్ళు 40 మంది. ఒకే జతని రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి సగం చేస్తే 780. అంటే ఆ గదిలో కాకతాళీయం జరగడానికి 780 చోట్లున్నాయి. ఒక్కో చోట అవకాశం 365లో ఒకటి. 780ని 365తో భాగిస్తే రెండు పైచిలుకు వస్తుంది. సగటున ఇలాంటి క్లాసులో ఒకటి కాదు, రెండు జతలు కలవాలి.

అయితే సగటు రెండు అన్నంత మాత్రాన, కనీసం ఒక్క జతైనా కలిసే అవకాశం ఎంతో తెలిసిపోదు. కొన్ని క్లాసుల్లో నాలుగు జతలు కలిసి, కొన్నింట్లో ఒక్కటీ కలవకపోవచ్చు. దీన్ని ఎదురుగా వెళ్ళి లెక్కపెట్టబోతే చిక్కుల్లో పడతాం. సరిగ్గా ఒక్క జత కలిసే తీరులెన్ని? రెండు జతలు కలిసేవెన్ని? ముగ్గురిదీ ఒకే రోజైతే? ఒకచోట ముగ్గురు, ఇంకోచోట ఇద్దరైతే? ఈ జాబితాకి అంతుండదు. మాస్టారు కూడా ఇలాంటివి నాలుగైదు బోర్డు మీద రాసి, అన్నీ డస్టరుతో తుడిచేశారు. "కనీసం ఒకటి అని ఎవడైనా అడిగితే, ఒక్కటీ లేకపోవడాన్ని లెక్కపెట్టండి. అది ఒక్కటే రకం" అన్నారు.

*

ఒక్కటీ కలవకపోవడం ఎలా జరుగుతుందో ఆయన చెప్పిన తీరులోనే చెప్తాను. గోడకి 365 గళ్ళున్న క్యాలెండరు ఉందనుకోండి. ఒక్కో పిల్లవాడూ వచ్చి తన పుట్టినరోజు గడిలో చుక్క పెడతాడు. అప్పటికే చుక్క ఉన్న గడిలో ఎవరూ రెండో చుక్క పెట్టకూడదు.

మొదటివాడికి ఏ అడ్డూ లేదు. రెండోవాడు ఒక్క గడిని తప్పించుకోవాలి, 365లో 364 గళ్ళు అతనికి ఖాళీ. మూడోవాడికి 363. ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో గడి తగ్గుతూ పోతుంది. వీళ్ళందరూ వరసగా తప్పించుకుంటేనే "ఎవరూ కలవలేదు" అవుతుంది కాబట్టి ఈ భిన్నాలన్నిటినీ గుణించాలి: 365/365 × 364/365 × 363/365, అలా చివరి పిల్లవాడి దాకా.

విడివిడిగా చూస్తే ఏ మెట్టూ కష్టంగా కనిపించదు. ఇరవై మూడోవాడికి కూడా 343 గళ్ళు ఖాళీగానే ఉన్నాయి, అంటే తప్పించుకునే అవకాశం 94 శాతం. కానీ ఇవన్నీ గుణకారంలో ఒకదాన్నొకటి తింటాయి. పదిమంది పూర్తయ్యేసరికి అందరూ తప్పించుకుని ఉండే అవకాశం 88 శాతం. ఇరవై మందికి 59. ఇరవై ఇద్దరికి 52. ఇరవై మూడో పిల్లవాడు చుక్క పెట్టగానే అది 49.3కి పడిపోతుంది. అంటే 23 మంది ఉంటే చాలు, ఇద్దరు కలిసే అవకాశం సగం దాటుతుంది. 40 మందికి, ఎవరూ కలవని అవకాశం పదకొండు శాతం దగ్గర ఆగుతుంది. వందలోంచి తీసేస్తే 89.

మా ఫస్టు ర్యాంకు అబ్బాయి చెప్పిన పదకొండు శాతమూ ఇక్కడి పదకొండు శాతమూ ఒకటి కావడం ఉత్త యాదృచ్ఛికం. కానీ అతను గెలుపు అనుకున్నది ఎంతో, మాస్టారు ఓడిపోయే అవకాశం సరిగ్గా అంత.

ఆరోజు నేను బోర్డు మీద 26 తేదీలు రాశాను. ఇరవై ఏడోవాడు లేచి "ఫిబ్రవరి తొమ్మిది" అనగానే వెనక బెంచీలో ఒకమ్మాయి "నాదీ అదే" అని అరిచింది. మాస్టారు అక్కడితో ఆపలేదు. నలభై మందీ పూర్తయ్యాక ఇంకో జత దొరికింది. బెల్లం జీళ్ళు మాత్రం ఆయనే కొనిపెట్టారు.

ఆ లెక్కని ఇప్పుడు కంప్యూటరు మీద చేయాలంటే నాలుగు లైన్లు చాలు.

```python
p = 1
for k in range(40):
    p *= (365 - k) / 365
print(1 - p)
```

ఇది 0.89 చూపిస్తుంది. ఇందులో `p` అంటే ఎవరూ కలవని అవకాశం. ఆఖరి లైనులోని `1 - p` దగ్గర మాత్రమే మనం అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాం. అంతవరకూ చేసిందంతా దానికి ఎదురు ప్రశ్న.

*

మౌనిక ఫోన్ చేసిన ఆ రోజుల్లోనే బ్రెజిల్లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ముగిసింది. అందులో 32 జట్లు, జట్టుకి 23 మంది ఆటగాళ్ళు. కావాలని ఎంచుకున్నట్టుగా సరిగ్గా 23. అధికారిక జాబితాల్లోని పుట్టిన తేదీలు చూసినవాళ్ళకి 16 జట్లలో కనీసం ఇద్దరిది ఒకే పుట్టినరోజని తేలింది. సగానికి సగం. లెక్క చెప్పేదీ అదే. ప్రతిసారీ ఇంత పొందిగ్గా కుదరదు, పద్నాలుగో పద్దెనిమిదో వచ్చినా ఆశ్చర్యపడక్కర్లేదు.

ఆ వార్త చదివి నేను ఆఫీసులో పక్కవాళ్ళకి ఉత్సాహంగా చెప్పాను కూడా. మా మాస్టారు తొమ్మిదో తరగతిలోనే చెప్పారని గొప్పలు పోయాను. అదే వారంలో, నేను రాసిన నియమం మౌనికని చెరిపేసింది. ఫుట్‌బాల్ జట్టులో కనిపించిన లెక్క నా షీటులో నాకు కనిపించలేదు.

కనిపించకపోవడానికి కారణం నా షీటులో ఏడాది కూడా ఉండటం. నెలా తేదీతోపాటు ఏడాదీ పేరూ కలవాలంటే అది అరుదే కదా అనుకున్నాను. ఆ రాత్రి కూర్చుని మళ్ళీ చేశాను. పదో తరగతి పిల్లలు ఎక్కువమంది రెండేళ్ళ వ్యవధిలో పుట్టినవాళ్ళే. అంటే గళ్ళు 730. నా జాబితాలో కె. మౌనికలు ఎంతమంది? ఆ ఏళ్ళలో మౌనిక అనే పేరు బాగా నడిచింది. కొ, కా, కె ఏ అక్షరంతో మొదలయ్యే ఇంటిపేరైనా ఇంగ్లీషులో K కిందికే వస్తుంది. లెక్కపెడితే 32 మంది తేలారు.

32 మందిలో జతలు 496. పై నాలుగు లైన్లలో 40ని 32గా, 365ని 730గా మార్చి నడిపితే 0.498 వచ్చింది. అంటే ఒక్క మౌనికల్లోనే ఇద్దరి పుట్టిన తేదీ ఏడాదితో సహా కలిసే అవకాశం దాదాపు బొమ్మా బొరుసూ. ఇక ఆ జాబితాలో అనూషలున్నారు, సాయికుమార్లున్నారు, ఎస్. కె. లు ముందుండే మస్తాన్‌లున్నారు. ఒక్కో పేరూ ఒక్కో చిన్న క్లాసు. ఇన్ని క్లాసుల్లో ఎక్కడా ఎవరూ కలవకపోతేనే వింత.

నేను తప్పుగా అడిగిన ప్రశ్న కూడా మా ఫస్టు ర్యాంకు అబ్బాయిదే. "ఈ మౌనికతో ఇంకో మౌనిక కలుస్తుందా" అని నన్ను నేను అడుక్కున్నాను. స్క్రిప్టు మాత్రం జాబితాలోని ఏ ఇద్దరినైనా పోలుస్తోంది.

*

తీసేసిన పేర్లన్నిటినీ మర్నాడు ఒక్కొక్కటిగా చూడటం మొదలుపెట్టాను. బడి పేరు, తండ్రి పేరు పక్కన పెట్టుకుని, అనుమానం వచ్చినచోట హెడ్మాస్టర్లకి ఫోన్ చేసి అడిగాను. మొత్తం 60 తీసివేతలు. అందులో 19 మాత్రమే నిజంగా రెండోసారి వచ్చినవి. మిగతా 41 మంది వేరే పిల్లలు.

41 చూసి నాకు మళ్ళీ అనుమానం వచ్చింది. జతలు లెక్కపెట్టి, ఒక్కో పేరుకీ 730తో భాగించి, అన్నీ కూడితే పదిహేను లోపే రావాలి. దానికి దాదాపు మూడింతలు వచ్చాయి. నా లెక్కలో ఎక్కడో ఒక పునాది కదిలిపోయిందని అర్థమైంది. ఆ 41 తేదీలని వరసగా పేర్చి చూస్తే సంగతి బయటపడింది. సగానికి పైగా జూన్ ఒకటి. కొన్ని జూలై ఒకటి. ఒకటీ అరా ఆగస్టు పదిహేను.

అప్పుడు గుర్తొచ్చింది మా మాస్టారి షరతు. రిజిస్టర్ తేదీలతో పందెం కాస్తే మోసం.

నా సర్టిఫికెట్లో పుట్టిన తేదీ కూడా జూన్ ఒకటే. అట్లతద్ది జూన్లో రాదు. జూన్లో బళ్ళు తెరిచినప్పుడు మా నాన్న నన్ను తీసుకెళ్తే, పుట్టిన తేదీ ఎప్పుడని అడిగారట. తెలియదంటే, హెడ్మాస్టరుగారు ఐదేళ్ళు నిండేలా వెనక్కి లెక్కేసి ఒక తేదీ వేశారు. చేయి తిరిగిన తేదీ జూన్ ఒకటి. మా బ్యాచిలో అలాంటివాళ్ళం పదిమందికి తక్కువ కాదు. పాస్‌పోర్టు దాకా అదే తేదీ వచ్చింది. ఆఫీసువాళ్ళు ఏటా ఆ రోజున కేకు కోయిస్తారు. అమ్మ మాత్రం అట్లతద్ది మర్నాడు పరమాన్నం వండుతుంది.

క్యాలెండరు లెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది. 365 గళ్ళకీ సమానమైన అవకాశం ఉందని ఆ ఊహ. నిజానికి పిల్లలు అన్ని రోజుల్లోనూ సమానంగా పుట్టరు, కొన్ని నెలల్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. ఆ హెచ్చుతగ్గులు చిన్నవైతే జవాబు పెద్దగా మారదు. మారినా ఒక్క వైపుకే మారుతుంది, కలిసే అవకాశం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎందుకో చూడటానికి రెండే రెండు రోజులున్న ఏడాదిని ఊహించుకోండి. రెండు రోజులకీ సమాన అవకాశం ఉంటే ఇద్దరు పిల్లలు కలిసే అవకాశం సగం. పదిమందిలో తొమ్మిదిమంది మొదటి రోజే పుడితే? ఇద్దరూ మొదటి రోజున పడే అవకాశం 81 శాతం, ఇద్దరూ రెండో రోజున పడేది 1 శాతం, వెరసి 82. జనం ఒకచోట గుమిగూడేకొద్దీ ఒకరికొకరు తగలడం పెరుగుతుంది.

మా ఊరి రిజిస్టరులాంటి దానికి అంకెలు వేసి చూద్దాం. పదిమందే ఉన్న చిన్న బృందం తీసుకుంటే, మామూలు లెక్కలో ఇద్దరు కలిసే అవకాశం 12 శాతం కూడా ఉండదు. ఒక్కొక్కరికి జూన్ ఒకటి అని రాసే అవకాశం పదో వంతు అనుకుంటే, అది దాదాపు 34 శాతానికి ఎగబాకుతుంది. ఇక్కడ కూడా ఎదురునుంచే లెక్కపెట్టాలి. ఎవరూ కలవకూడదంటే జూన్ ఒకటి గడిలో అసలెవరూ ఉండకూడదు, లేదా ఒక్కరే ఉండాలి. మిగతావాళ్ళు మిగతా గళ్ళలో విడివిడిగా పడాలి. ఈ రెండు సందర్భాలనీ కూడితే 66 వస్తుంది, వందలోంచి తీసేస్తే 34.

అంటే నా జాబితాలో తేదీ కలవడం చాలాచోట్ల పుట్టుక గురించి ఏమీ చెప్పడం లేదు. ఆ ఇద్దరి తల్లిదండ్రులూ బడిలో చేర్చేనాటికి తేదీ చెప్పలేకపోయారని మాత్రమే చెబుతోంది. నా నియమం ఏరిపారేసింది ఎక్కువగా అలాంటి ఇళ్ళ పిల్లల్నే. ఆ డబ్బు అవసరం ఎక్కువగా ఉన్నదీ వాళ్ళకే.

*

నియమం మార్చాను. ఇప్పుడది ఎవర్నీ తీసేయదు. కలిసినవాళ్ళని ఒక పక్కన పెడుతుంది, ఒక మనిషి చూసి తేలుస్తాడు. చూడాల్సిన జాబితా తలమీద ఒక అంకె కూడా వేస్తుంది, ఇన్ని పేర్లలో ఉత్త యాదృచ్ఛికంగానే ఎన్ని జతలు కలవొచ్చో. దొరికినవి ఆ అంకెకి దగ్గర్లో ఉంటే, నకిలీలున్నాయని ఎవరినీ నిలదీయడానికి అది ఆధారం కాదు. చాలా ఎక్కువుంటే అప్పుడు తేదీలు చూడాలి. జూన్ ఒకటి దగ్గర పోగుపడ్డాయా, లేక ఏడాది పొడుగునా పరుచుకున్నాయా? పోగుపడితే కారణం రిజిస్టరు. పరుచుకుని ఉంటే నిజంగానే ఎవరో రెండుసార్లు పంపి ఉండొచ్చు.

41 మంది పేర్లూ తిరిగి చేర్చారు. మౌనికకి మొదటి విడత డబ్బు ఆగస్టు ఆఖర్లో అందింది. కాలేజీ ఫీజు గడువు అప్పటికే దాటిపోయింది. వాళ్ళ నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడని తర్వాత తెలిసింది. ఆ రెండు నెలల వడ్డీ నా లెక్కలో తప్పుకి ధర, కట్టింది మాత్రం ఆయన.

పేరు చేర్చామని చెప్పడానికి నేనే ఫోన్ చేశాను. జరిగింది దాచకుండా చెప్పాను, నీ పేరూ తేదీ ఇంకో అమ్మాయితో కలిశాయి, ఇద్దరూ ఒకరే అనుకుని తీసేశాను, తప్పు నాదే అని. కోప్పడుతుందనుకున్నాను. ఒక క్షణం ఊరుకుని, "నాదీ జూన్ ఒకటే సార్, కానీ అది బళ్ళో వేసింది" అంది. నాదీ అదేనమ్మా అన్నాను.

"మరి ఆ అమ్మాయిది నిజంగా జూన్ ఒకటేనా సార్?" అని అడిగింది.

అదొక్కటి నేను కనుక్కోలేదు.